ఓవెన్‌లో కాబూలీ శనగలు: పైన మాడుతున్నాయి, లోపల మెత్తగా ఉంటున్నాయి

ఉప్పుగాలి, కావలి | శనివారం సాయంత్రం 6:10

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 28 లీటర్ల ఓటీజీ ఉంది. పిల్లలు బడి నుంచి రాగానే తినడానికి నూనెలో వేయించకుండా కాబూలీ శనగలు కరకరలాడేలా చేద్దామని మొదలుపెట్టాను. పావు కిలో శనగలు రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానిచ్చి, నీళ్లు వంచి, నూనె, ఉప్పు, కారం, ధనియాల పొడి కలిపి 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు పెడుతున్నాను. అంచుల్లో ఉన్నవి నల్లబడతాయి, మధ్యలో ఉన్నవి ఉడికించిన శనగల్లాగే ఉంటాయి. ఏరుకుని బాగున్నవి డబ్బాలో పోస్తే తెల్లారేసరికి అవీ మెత్తబడుతున్నాయి. కారం కూడా చేదెక్కుతోంది. అదే వేడి మీద మఖానా పెడితే ఇంకా త్వరగా మాడింది. ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు, ఎన్నిసార్లు కలపాలి, ఈ మూడూ ఎవరైనా వివరంగా చెప్పగలరా?

పెనం మీద పిల్లి, నెల్లూరు | శనివారం రాత్రి 7:02

అక్కా, నేను ఇక్కడ హాస్టల్ గదిలో చిన్న ఓవెన్‌లో చేస్తుంటాను. వేడి సరిపోవడం లేదు, అంతే. 230కి పెంచండి, ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. నానబెట్టేటప్పుడు అర చెంచా తినే సోడా వేయండి, గింజ గుల్లగా వస్తుంది. నాకు ఎప్పుడూ కరకరలాడుతూనే వస్తాయి. నిలవ సంగతి మాత్రం తెలియదు, మా గదిలో పది నిమిషాలు కూడా మిగలవు.

మంగమూరు రోడ్డు, ఒంగోలు | శనివారం రాత్రి 7:40

అమ్మా, ఇంత శ్రమ దేనికి? శనగలను వేడి ఇసుకలో వేయించాలి. మా చిన్నప్పుడు వీధి చివర బట్టీ ఉండేది. శనగలు కొంచెం తడిపి, ఒకసారి వేయించి, పక్కన పోసి, మళ్లీ వేయించేవారు. ఆ తరువాత పొట్టు రాలగొడితే పుట్నాల పప్పు వచ్చేది. ఇంట్లో బాణలిలో ఇసుక పోసుకుని చేసుకోవచ్చు. ఓవెన్‌లో పుట్నాలు రావు.

ఉప్పుగాలి, కావలి | శనివారం రాత్రి 7:55

పెద్దవారు చెప్పింది నిజమేనండీ, కానీ నేను అడుగుతున్నది పుట్నాల గురించి కాదు. నానబెట్టి ఉడికించిన తెల్ల శనగలు, పొట్టుతోనే, మసాలా పట్టించి తినేవి.

పిల్లిగారూ, 200 దగ్గరే నల్లబడుతుంటే 230కి పెంచితే ఏమవుతుంది?

పాత బేకరీ, ఒంగోలు | శనివారం రాత్రి 9:18

ఉప్పుగాలి గారూ, ముందు మీ ట్రే లెక్క చూద్దాం. పావు కిలో ఎండు శనగలు నానబెట్టి ఉడికిస్తే అర కిలో పైనే అవుతాయి. అందులో సగానికి పైగా నీరే. ఆ నీళ్లన్నీ పోతే తప్ప గింజ కరకరలాడదు. ఇరవై ఐదు నిమిషాల్లో మీ ఓవెన్ అంత నీటిని బయటికి పంపలేదు. దానికి తోడు 28 లీటర్ల ఓటీజీ ట్రేలో అర కిలో ఉడికిన గింజలు ఒక వరుసలో పట్టవు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కింది గింజల నుంచి వచ్చిన ఆవిరిలో పై గింజలు మళ్లీ ఉడుకుతుంటాయి. అంచుల్లో ఒక్కొక్కటిగా ఉన్నవి మాత్రం ఎండిపోయి మాడతాయి. మీరు చూస్తున్నది అదే.

ఇప్పుడు వేడి సంగతి. గింజలో నీరు ఉన్నంతసేపు అది మాడదు. ఓవెన్ 200 ఉన్నా గింజ లోపల వేడి నీరు మరిగే వేడిని పెద్దగా దాటదు, ఎందుకంటే వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. నీరు అయిపోయాక ఆపేది ఏదీ ఉండదు, గింజ గబగబా వేడెక్కి కొన్ని నిమిషాల్లోనే నల్లబడుతుంది. అందుకే మొదట ఎక్కువ వేడి, తరువాత తక్కువ వేడి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. చివర్లో ఇంకా కాలేదని పెంచుతారు, సరిగ్గా అప్పుడే మాడుతుంది.

కలపడం కూడా ఇదే లెక్క. తడిగా ఉన్న మొదటి ఇరవై నిమిషాల్లో ఒకసారి కలిపితే చాలు. ఎండేకొద్దీ ఎనిమిది నిమిషాలకు ఒకసారి, చివర్లో ఐదు నిమిషాలకు ఒకసారి. పది నిమిషాలకోసారి కలపండి అని మొదటి నుంచి చివరి దాకా ఒకే మాట చెప్పే వంటకాలను నమ్మకండి.

పిల్లిగారి 230 పూర్తిగా తప్పు కాదు. చేసిన వెంటనే తినేసేవారికి పై పొర గట్టిపడితే సరిపోతుంది, లోపల మెత్తగా ఉన్నా పంటికి ముందు తగిలేది పైదే. డబ్బాలో పోయాలంటే అది కుదరదు. లోపల మిగిలిన తడి రాత్రికి మెల్లగా పైకి వస్తుంది, తెల్లారేసరికి గింజంతా ఒకేలా మెత్తబడుతుంది.

పెనం మీద పిల్లి, నెల్లూరు | శనివారం రాత్రి 9:31

సరే, వేడి విషయం ఒప్పుకున్నాను. సోడా మాటేమిటి? మా అమ్మ కూడా వేస్తుంది.

పాత బేకరీ, ఒంగోలు | శనివారం రాత్రి 9:50

సోడా వేస్తే గింజ త్వరగా ఉడుకుతుంది, అది నిజం. పొట్టు కూడా మెత్తబడుతుంది. కూరకు, చోలేకు బాగుంటుంది. ఓవెన్‌కు వచ్చేసరికి రెండు చిక్కులు. ఒకటి, పొట్లు ఊడి వస్తాయి. ఊడిన పొట్టు కాగితమంత పలచన, గింజ కంటే ఎంతో ముందు మాడి ఓవెన్ అంతా మాడు వాసన వేస్తుంది. గింజలు మాడాయనుకుని మీరు ట్రే బయటికి తీసేస్తారు, తీరా చూస్తే గింజలు ఇంకా పచ్చిగా ఉంటాయి. రెండు, సోడా తగిలిన గింజకు త్వరగా రంగు వస్తుంది. రంగు చూసి అయిందనుకుంటే మోసపోతాం. చిటికెడు వేస్తే వేయండి, అర చెంచా మాత్రం వద్దు. వేసినా వేయకపోయినా, ఉడికిన తరువాత బట్టలో దొర్లించి ఊడిన పొట్లు ఏరేయండి.

రేగడి రైతు, నాగులుప్పలపాడు | ఆదివారం ఉదయం 5:45

శనగ మాట వినబడితే మేం వదలం. మా దగ్గర నల్లరేగడిలో వేసేది ఎక్కువగా రెండు రకాలు. ఎర్ర శనగలో జేజీ 11, తెల్ల శనగలో కాక్ 2. ధర రాలేదని కొన్నవాళ్లూ పండించినవాళ్లూ కోల్డ్ స్టోరేజీల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. మీరు కొట్టులో కొనే గింజ ఏ ఏటి పంటో ఎవరికి తెలుసు? మా ఇంట్లో నిరుడు గోతాల్లో మిగిలిన తెల్ల శనగలు ఎంత ఉడికించినా పలుకుగానే ఉన్నాయి. మీ చిక్కు కూడా గింజదే కావచ్చు, ఓవెన్‌ది కాదు. ఈ ఏడాది ధర ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాత బేకరీ, ఒంగోలు | ఆదివారం ఉదయం 8:20

రైతుగారూ, ధర సంగతి ఈ చర్చలో తేలదు. గింజ గురించి మీరన్నది మాత్రం పనికొచ్చే మాట. వేడిలో, చెమ్మలో గోతాల్లో పడి ఉన్న గింజ ఉడకడానికి మొండికేస్తుంది. చల్లగా నిలవ ఉన్న గింజకు ఆ బాధ తక్కువ. కాబట్టి ఏ ఏటిదన్న దానికంటే ఎక్కడ నిలవ ఉందన్నదే ముఖ్యం.

ఉప్పుగాలి గారి చిక్కు అది కాదనుకుంటాను, ఆవిడకు గింజ మెత్తగానే ఉడికింది. కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. సరిగ్గా ఉడకని గింజను ఎంత ఎండబెట్టినా కరకర రాదు, రాయి వస్తుంది. నానబెట్టి ఉడికించకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టేవాళ్లకు కూడా రాళ్లే వస్తాయి, పళ్లు జాగ్రత్త. రెండు వేళ్ల మధ్య నొక్కితే చితకాలి, కుక్కర్‌లో మాత్రం పగిలి ఉండకూడదు. రాత్రంతా నానిన కొత్త గింజకు రెండు, మూడు విజిల్స్ చాలు, ఆవిరి దానంతట అది దిగాక మూత తీయాలి.

ఉప్పుగాలి, కావలి | ఆదివారం ఉదయం 9:05

ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదండీ. అయితే ఒక సందేహం. లోపల తడి పోయిందో లేదో నాకెలా తెలుస్తుంది? ఓవెన్‌లోంచి తీయగానే నోట్లో వేసుకుంటే అన్నీ మెత్తగానే అనిపిస్తాయి, చల్లారాక కొన్ని గట్టిపడతాయి. అప్పటికి ఓవెన్ ఆపేసి ఉంటాను.

పాత బేకరీ, ఒంగోలు | ఆదివారం ఉదయం 10:40

ఇంట్లో తూకం మిషన్ ఉందా? కేకులకు వాడే చిన్నది చాలు. అది ఉంటే నోటితో పనిలేదు.

కొట్టులో కొన్న ఎండు శనగలో కూడా నూటికి పది వంతుల దాకా తడి ఉంటుంది. కరకరలాడే గింజలో అంతకంటే తక్కువ ఉండాలి. అంటే ఓవెన్‌లోంచి వచ్చిన గింజల బరువు, మీరు నానబెట్టడానికి ముందు తూచిన బరువు కంటే కొంచెం తగ్గాలి. 150 గ్రాములు నానబెట్టారనుకోండి. ఉడికించిన నీళ్లలో గింజ సారం కొంత పోతుంది, ఒక చెంచా నూనె బరువు కలుస్తుంది. చివరికి 140 గ్రాములు, దానికి అటూ ఇటూ ఉండాలి. ఇంకా 180 ఉందంటే గింజలు ఎంత ఎర్రగా కనబడినా లోపల నలభై గ్రాముల నీళ్లు దాక్కుని ఉన్నట్టే. రంగు అబద్ధం చెబుతుంది, తూకం చెప్పదు.

ఈసారి 150 గ్రాములే నానబెట్టండి, మీ ట్రేకు అదే ఎక్కువ. ఉడికాక నీళ్లు వంచి, పాత నూలు చీర మీద పలచగా పోసి గంటసేపు ఫ్యాను కింద ఆరనివ్వండి. ఖాళీ ట్రే ముందే తూచి కాగితం మీద రాసుకోండి. ఓవెన్ పైకడ్డీ, కిందికడ్డీ రెండూ వేసి, 180 దగ్గర ముందుగా వేడి చేసి, ట్రేను మధ్య అరలో పెట్టండి. ఇరవై నిమిషాల తరువాత తూచి, అప్పుడు నూనె చెంచాడు కలిపి, వేడి 150కి తగ్గించండి. తరువాత కలిపినప్పుడల్లా తూచండి. వేడి ట్రేను నేరుగా మిషన్ మీద పెట్టకండి, కింద చెక్కపీట పెట్టి దాని బరువు తీసేయండి.

ఇంకొక్క మాట. కలపడానికి తలుపు తెరిచినప్పుడు ట్రేను బయటికి తీసి వెంటనే తలుపు మూసేయండి, బయటే కలపండి. తలుపు తెరిచి ఉంచి లోపలే కలుపుతుంటే ఓవెన్ చల్లబడిందనుకుని కడ్డీలు ఎర్రగా కాలతాయి. గాలి వేడి 150 అని మీటలో ఉన్నా, ఎర్రటి కడ్డీ నుంచి నేరుగా తగిలే సెగ వేరు. చివరి నిమిషాల్లో సగం మాడుళ్లు ఈ సెగ వల్లే.

చిట్టిచేతులు, నెల్లూరు | ఆదివారం మధ్యాహ్నం 1:15

శనగల గురించి ఇక నేను చెప్పేదేమీ లేదు. అందరూ మఖానాను మరిచిపోయారు కాబట్టి అది నేను అందుకుంటాను.

ఉప్పుగాలి గారూ, మఖానాకూ శనగకూ పోలికే లేదు. మఖానా మన దగ్గరికి వచ్చేసరికే ఒకసారి వేగి వచ్చింది. బిహార్‌లో, మిథిల వైపు, చెరువుల్లోంచి తీసిన గింజలను ఎండబెట్టి, బాగా కాలిన బాణలిలో వేయించి, వేడి మీదే చెక్కతో కొట్టి పేలుస్తారు. మిథిలా మఖానాకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే మీరు చేయాల్సింది వేయించడం కాదు, దారిలోనూ మన కోస్తా గాలిలోనూ అది పీల్చుకున్న చెమ్మను పోగొట్టడమే. దానికి 200 డిగ్రీలు దేనికి? లోపలంతా గాలి, నీరు దాదాపు లేదు. బేకరీ గారు చెప్పినట్టు మాడకుండా కాపాడే నీరు అందులో లేదు కాబట్టి పెట్టిన క్షణం నుంచే మాడడానికి సిద్ధంగా ఉంటుంది.

నేను 60 గ్రాములు ట్రే నిండా పరిచి 140 దగ్గర పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచుతాను. నాలుగు నిమిషాలకోసారి కలుపుతాను. రంగు కోసం ఎదురుచూడకండి, మఖానాకు రంగు వచ్చిందంటే చేదు కూడా వచ్చినట్టే. రెండు గింజలు తీసి నిమిషం పాటు గాలికి ఉంచి వేళ్లతో నలపండి. పెళుసుగా విరిగి పొడి రాలితే అయినట్టు. నొక్కుకుపోయి మళ్లీ పైకి లేస్తే ఇంకా కావాలి.

నెయ్యి ముందే వేయకండి. ముందుగా తగిలిన నాలుగు గింజలే అంతా పీల్చేసుకుంటాయి, మిగతావి పొడిగా ఉండిపోతాయి. కరకరలాడాక వెడల్పాటి గిన్నెలో పోసి, కరిగిన నెయ్యి ఒక చెంచా అంచుల వెంట తిప్పుతూ పోసి, ఉప్పు, మిరియాల పొడి చల్లి ఎగరేయండి. మళ్లీ రెండు నిమిషాలు ఓవెన్‌లో ఉంచితే నెయ్యి చెమ్మ ఉన్నా పోతుంది, ఉప్పు కూడా పట్టుకుంటుంది.

గాజుసీసా, కనిగిరి | ఆదివారం మధ్యాహ్నం 3:30

మఖానాకు ఓవెన్ ఎందుకండీ, సన్న సెగ మీద మందపాటి బాణలిలో పది నిమిషాల పని. అది వదిలేయండి. నిలవ గురించి నాకు ఒప్పుదల లేదు. లోపలి తడి బయటికి రావడం వల్ల మెత్తబడతాయంటున్నారు. మా ఇంట్లో శనగలు పళ్లెంలో మూత లేకుండా రెండు రోజులున్నా కరకరలాడతాయి. కావలి సముద్రం పక్కన ఉంది కాబట్టి అక్కడ మెత్తబడుతున్నాయి. అది గాలి తప్పు, గింజ తప్పు కాదు.

పాత బేకరీ, ఒంగోలు | ఆదివారం సాయంత్రం 5:10

రెండూ ఉంటాయి. ఏది ఎక్కువో కనిపెట్టడం తేలిక. ఒకే వాయిలోవి కొన్ని గాలి చొరని సీసాలో పోసి బిగించండి, కొన్ని బయట పళ్లెంలో ఉంచండి. సీసాలోవి కూడా తెల్లారేసరికి మెత్తబడితే తడి లోపలిదే, ఇంకా ఎండాల్సింది. సీసాలోవి బాగుండి పళ్లెంలోవి మెత్తబడితే అది గాలి పని. మొదటిదానికి మందు ఓవెన్, రెండోదానికి మందు మూత.

ఉప్పుగాలి, కావలి | మంగళవారం రాత్రి 8:25

చెప్పినట్టే చేశాను. అంకెలు రాసుకున్నాను, చూడండి.

ఎండు శనగలు 150 గ్రాములు. రెండు విజిల్స్ తరువాత స్టవ్ ఆపాను. ఉడికి నీళ్లు వంచాక 318, ఫ్యాను కింద గంట ఆరాక 305. ఆ పదమూడు గ్రాములు ఊరికే గాలికి పోయాయి, ఇంతకుముందు వాటిని కూడా ఓవెన్ చేతే ఎండబెట్టిస్తున్నాను. ఊడిన పొట్లు ఏరితే గుప్పెడు వచ్చాయి. 180 దగ్గర ఇరవై నిమిషాల తరువాత గింజల బరువు 225. నూనె కలిపి 150కి తగ్గించాను. పదిహేను నిమిషాలకు 180. ఇక్కడ గింజలు చక్కటి బంగారు రంగులో ఉన్నాయి, తూకం లేకపోతే తప్పకుండా తీసేసేదాన్ని. ఒకటి విరిచి చూస్తే మధ్యలో ఇంకా మైనంలా ఉంది. మరో పన్నెండు నిమిషాలకు 152. ఇక్కడి నుంచి ఐదు నిమిషాలకోసారి ట్రే బయటికి తీసి కలిపాను. 142 దగ్గర ఓవెన్ ఆపి, తలుపు సందులో చెక్క గరిటె అడ్డుపెట్టి అరగంట వదిలేశాను. చివరికి 138.

ఒక్కటి కూడా నల్లబడలేదు. వెనక కుడి మూలవి మాత్రం మిగతావాటికంటే ముదురుగా ఉన్నాయి. ఉప్పూ కారం చివర్లో, వేడిగా ఉండగానే కలిపాను. చేదు లేదు.

సీసాలోవి ఈ సాయంత్రం దాకా, అంటే పూర్తిగా ఒక రోజు, చెక్కుచెదరలేదు. పళ్లెంలోవి ఉదయానికే సాగుతున్నాయి.

గాజుసీసా, కనిగిరి | మంగళవారం రాత్రి 8:40

చూశారా, గాలే!

పాత బేకరీ, ఒంగోలు | మంగళవారం రాత్రి 9:12

ఈ వాయికి గాలే, ఒప్పుకుంటాను. ఇంతకుముందు వాయిలకు రెండూ. డబ్బాలో పోసినవి మెత్తబడ్డాయని ఆవిడ మొదటి రోజే రాశారు కదా.

వెనక మూల ముదురుగా ఉందంటే మీ ఓవెన్‌కు అక్కడ సెగ ఎక్కువ. ప్రతి ఓటీజీకీ అలాంటి మూల ఒకటి ఉంటుంది. కలిపిన ప్రతిసారీ ట్రేను ముందుభాగం వెనక్కి వచ్చేలా తిప్పి పెట్టండి. కలపడమంటే గరిటెతో మధ్యలో గుండ్రంగా తిప్పడం కాదు, అట్లకాడతో అంచుల్లోవి మధ్యకు తెచ్చి, మధ్యలోవి అంచులకు తోయాలి. ఆ తరువాత ట్రేను రెండు వైపులా పట్టి ఒకసారి కుదిపితే గింజలు దొర్లి కింది వైపు పైకి వస్తుంది.

ఉప్పుగాలి, కావలి | మంగళవారం రాత్రి 9:30

చల్లారాక సీసాలో పోయమంటారు. ఎంత చల్లారాక? వేడిగా పోస్తే ఆవిరి పడుతుంది, ఎక్కువసేపు వదిలేస్తే మా ఊరి గాలి పీలుస్తాయి. మా పిల్లవాడు వెల్లుల్లి కారం పట్టించమంటున్నాడు, అది పట్టించవచ్చా?

పాత బేకరీ, ఒంగోలు | మంగళవారం రాత్రి 10:05

అరచేతిలో గుప్పెడు పట్టుకుంటే వెచ్చదనం తెలియకూడదు. ఓవెన్‌లోనే అరగంట ఉన్న గింజలకు పళ్లెంలో పావుగంట చాలు. ఆపైన ఒక్క నిమిషం కూడా వదలకండి.

పచ్చి వెల్లుల్లి వేసి దంచిన కారంలో తడి ఉంటుంది. సీసాలో పోసేవాటికి పట్టించకండి, కొన్ని గంటల్లో సాగుతాయి. తినే ముందు గిన్నెలో కలిపి ఇవ్వండి. కరివేపాకు మాత్రం చివరి ఐదు నిమిషాలు అదే ట్రేలో వేసి ఎండబెట్టి నలిపి కలపవచ్చు.

చిట్టిచేతులు, నెల్లూరు | బుధవారం ఉదయం 7:50

నూనె ఇరవై నిమిషాల తరువాత అన్నారు. నేనైతే మొదటే వేస్తాను, పొట్టు చీలకుండా ఉంటుందని. నాకు ఎప్పుడూ తేడా తెలియలేదు. బేకరీ గారు దీని మీద ఏమంటారు?

పాత బేకరీ, ఒంగోలు | బుధవారం ఉదయం 9:15

తడి గింజ మీద నూనె నిలవదు, ట్రే అడుగుకు జారి అక్కడ కాగి జిగట పొరగా మారుతుంది. నేను చెప్పింది ట్రే కడిగే మనిషిని దృష్టిలో పెట్టుకుని. ఫ్యాను కింద బాగా ఆరిన గింజలైతే మీ పద్ధతిలోనూ ఇబ్బంది ఉండకపోవచ్చు.

మంగమూరు రోడ్డు, ఒంగోలు | బుధవారం ఉదయం 11:00

అరవై నిమిషాలకు పైగా ఓవెన్ నడిపితే కరెంటు బిల్లు ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేదు. ఇసుకకు కరెంటు అక్కర్లేదు.

పెనం మీద పిల్లి, నెల్లూరు | బుధవారం మధ్యాహ్నం 12:20

లెక్క నేను చెబుతాను బాబాయిగారూ. 1500 వాట్ల ఓవెన్ గంటసేపు ఆగకుండా కాలితే ఒకటిన్నర యూనిట్. కడ్డీలు మధ్యమధ్యలో ఆరుతూ వెలుగుతూ ఉంటాయి కాబట్టి అంతకంటే తక్కువే వస్తుంది. 140 గ్రాముల శనగల కోసం అంత అవసరమా అంటే, అది మీరే తేల్చుకోవాలి. నేను మాత్రం ఎయిర్ ఫ్రయర్ కొన్న స్నేహితుడి ఇంటికి వెళుతున్నాను. అందులో ఫ్యాను గాలికి ఆవిరి నిలవదు కాబట్టి టైము సగానికి తగ్గుతుందని నా అనుమానం. ఎవరైనా తూచి చూశారా?

చిట్టిచేతులు, నెల్లూరు | బుధవారం మధ్యాహ్నం 1:05

శనగలు తూచలేదు. మఖానా మాత్రం అందులో పెట్టకండి, తేలికగా ఉంటాయి కాబట్టి గాలికి ఎగిరి పైన కడ్డీకి తగులుతాయి. మా అక్క ఇంట్లో చూశాను. పైన జల్లెడలాంటి మూత వేస్తే ఆగవచ్చు.

రేగడి రైతు, నాగులుప్పలపాడు | బుధవారం రాత్రి 7:45

మా ఇంటావిడ జేజీ 11 ఎర్ర శనగలతో ఇదే పద్ధతి చేసింది. 150 గ్రాములు నానబెట్టి, నాలుగు విజిల్స్ ఇచ్చి, తూకం వేసి, 141 దగ్గర ఆపింది. బరువు సరిపోయింది, మాడలేదు కూడా. కానీ కొరికితే పొట్టు తోలులా పంటికి అడ్డం పడుతోంది, లోపలి పప్పు మాత్రం బాగుంది. తెల్ల శనగలకు ఈ బాధ లేదు. ఎర్ర వాటికి ఓవెన్‌లో దారి ఉందా, లేక ఒంగోలు పెద్దాయన ఇసుకే గతా?

మంగమూరు రోడ్డు, ఒంగోలు | బుధవారం రాత్రి 8:00

ఇసుకే.

పాత బేకరీ, ఒంగోలు | బుధవారం రాత్రి 9:20

ఎర్ర శనగ పొట్టు మందం. ఇసుకలో ఒక్కసారిగా తగిలే వేడికి పప్పు ఉబ్బి పొట్టును పగలగొడుతుంది, ఓవెన్‌లో వేడి మెల్లగా ఎక్కుతుంది కాబట్టి ఆ పగులు రాదు. ఇక్కడ పెద్దాయనతో నాకు వాదన లేదు. సోడా చిటికెడు వేసి నానబెడితే పొట్టు కొంత మెత్తబడవచ్చు. ఉడికాక బట్టలో రుద్ది పొట్టు తీసేసి పెట్టడం ఇంకో దారి, కానీ గింజ రెండు బద్దలై త్వరగా ఎండుతుంది, 150 కూడా ఎక్కువ కావచ్చు. రెంటిలో ఏది పనిచేస్తుందో చేసి చూసినవాళ్లే చెప్పాలి.

రేగడి రైతు, నాగులుప్పలపాడు | బుధవారం రాత్రి 9:35

రేపు రాత్రికి రెండు గిన్నెల్లో నానబెట్టమన్నాను, ఒకదానిలో సోడా వేసి, ఒకదానిలో వేయకుండా. సోడా లేనివాటికి పొట్టు తీసి 130 దగ్గర పెట్టిస్తాను. బరువులు శనివారం ఇక్కడే రాస్తాను. ధర సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.